బండి మీది ఎగ్ ఫ్రైడ్ రైస్ ఇంటి పొయ్యి మీద: అన్నం పొడిపొడిగా, గుడ్డు మెత్తగా

ఇంట్లో ఎగ్ ఫ్రైడ్ రైస్ చేసినవాళ్ళ ఫిర్యాదులు రెండే. అన్నం ముద్దకట్టింది, గుడ్డు రబ్బరులా సాగింది. అనుమానం వెంటనే సాసుల మీదికి పోతుంది. బండి అతను ఏదో కలుపుతాడు, అది మనకు తెలియదు అనుకుంటాం. బండి మీద వరసగా పెట్టిన సీసాలు చూడండి: సోయా సాస్, వెనిగర్, గ్రీన్ చిల్లీ సాస్, పక్కన డబ్బాల్లో ఉప్పు, కారం, మిరియాల పొడి, టేస్టింగ్ సాల్ట్. అన్నీ వీధి చివర కిరాణా కొట్లో దొరికేవే.

తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, మూకుడు కింద బుస్సుమని లేచే ఆ మంట. రెండోది, పక్కన గుడ్డ కప్పి పెట్టిన పెద్ద బేసిన్. ఈసారి ఆర్డరు చెప్పి నిలబడ్డప్పుడు ఆ బేసిన్‌లోకి తొంగి చూడండి. అందులోని అన్నం నుంచి ఆవిరి రాదు. గరిటెతో తీస్తే గింజలు గరిటె అంచు మీంచి జారి పడతాయి. మధ్యాహ్నమే ఉడికించి, గంజి వార్చి, ఆరబెట్టి తెచ్చిన అన్నం అది. మనం ఇంట్లో వేసేది మాత్రం కుక్కర్ విజిల్ దిగిన పావుగంటకు తీసిన వేడన్నం.

ఆ మంట మనకు ఎలాగూ రాదు. ఇంటి గ్యాస్ స్టవ్ మీద పెద్ద బర్నర్ పూర్తిగా తిప్పినా బండి బర్నర్ ముందు అది దీపమే. కాబట్టి మంట తక్కువైనా పని జరిగేలా మిగతావి సర్దుకోవాలి. అన్నంలో తడి ముందే తగ్గించాలి, ఒకసారికి ఒక్క ప్లేటే వేయాలి, గుడ్డును మధ్యలో మూకుడులోంచి బయటికి తీసి చివర్లో మళ్ళీ కలపాలి. వంటంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

బియ్యం

మన ఇళ్ళలో ఉండే సోనా మసూరి దీనికి బాగానే పనికొస్తుంది, పాతదైతే. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబా మసూరి, రైతులు బీపీటీ 5204 అనేది, అది కూడా అంతే. సన్న గింజ, ఉడికితే మెత్తగా ఉంటుంది కానీ పాతబడితే అంటుకోదు. కొత్త బియ్యం మాత్రం వద్దు. కొత్త బియ్యంతో గంజి చిక్కగా, జిగురుగా దిగుతుంది. ఆ జిగురే రేపు మూకుడులో గింజకూ గింజకూ మధ్య బంకలా నిలబడుతుంది. కొట్లో అడిగేటప్పుడు కనీసం ఏడాది పాతవి అని అడగండి. ఇంటికొచ్చాక ఒకసారి వార్చి చూస్తే తెలిసిపోతుంది: పాత బియ్యం గంజి పల్చగా, నీళ్ళలా కారుతుంది.

కొట్లో రా రైస్, స్టీమ్ రైస్ అని రెండు రకాలు చెప్తారు. స్టీమ్ రైస్ గింజ కొంచెం గట్టిగా ఉంటుంది, ఉడికినా తొందరగా విరగదు. మొదటిసారి చేసేవాళ్ళు అదే తీసుకుంటే సగం భయం పోతుంది. బాస్మతి కూడా వాడొచ్చు, చాలా బండ్ల మీద తక్కువ రకం బాస్మతి వాడతారు కూడా. కానీ పొడవాటి గింజ గరిటె దెబ్బకు త్వరగా విరుగుతుంది. ఏ బియ్యమైనా నూక ఉంటే జల్లించి తీసేయండి. నూక ముందే ఉడికి పేస్టై, మంచి గింజల్ని కూడా పట్టుకుని ముద్ద చేస్తుంది.

అన్నం వండటం, ఆరబెట్టడం

రెండు ప్లేట్లకు లెక్క చెప్తాను. 200 గ్రాముల బియ్యం, అంటే ఇంచుమించు ఒక కప్పు. నీళ్ళు తేటగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు కడిగి, ఇరవై నిమిషాలు నాననివ్వండి. స్టీమ్ రైస్ అయితే అరగంట. ఈలోపు వెడల్పాటి గిన్నెలో రెండు లీటర్ల నీళ్ళు ఎసరు పెట్టి, రెండు టీస్పూన్ల ఉప్పు వేయండి. ఇంత ఉప్పు ఎందుకంటే వార్చినప్పుడు ఎక్కువ భాగం గంజితో పోతుంది, గింజలోకి వెళ్ళేది కొంచెమే.

ఎసరు తెర్లి మరుగుతున్నప్పుడే బియ్యం వడకట్టి వేయాలి. మూత వద్దు. వేయగానే ఒకసారి అడుగు నుంచి కలిపి వదిలేయండి. మాటిమాటికీ కలిపితే గింజ ఒరుసుకుని పిండి విడుస్తుంది. ఆరో నిమిషం నుంచి గింజ తీసి చూడటం మొదలుపెట్టండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పైన మెత్తగా నలగాలి, లోపల సన్నటి తెల్లటి పలుకు కనిపించాలి. పలుకు చుక్కంత ఉండగానే దించేయాలి. సోనా మసూరికి ఇది మామూలుగా ఏడెనిమిది నిమిషాల్లో వస్తుంది, కానీ గడియారం కన్నా గింజనే నమ్మండి, బియ్యం పాతదనాన్ని బట్టి రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. అన్నం గిన్నెలోంచి తీశాక కూడా లోపలి వేడికి ఇంకా ఉడుకుతుంది, మళ్ళీ మూకుడులో ఇంకొంత ఉడుకుతుంది. తినడానికి సరిగ్గా సరిపోయింది అనిపించేదాకా ఆగితే అప్పటికే ఎక్కువైనట్టు.

చిల్లుల గిన్నెలో వార్చి రెండు నిమిషాలు అలాగే ఉంచండి. తర్వాత పెద్ద పళ్ళెంలోనో, తాంబాళంలోనో అంగుళం మందం మించకుండా పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. ఇక్కడే అసలు పని జరుగుతుంది. వేడన్నం నుంచి లేచే ఆవిరి అంతా గింజ మీది తడే. గిన్నెలో మూతపెట్టి ఉంచితే ఆ ఆవిరి మూతకు తగిలి మళ్ళీ అన్నం మీదే పడుతుంది, పళ్ళెంలో పరిస్తే గాలికి పోతుంది. పావుగంట తర్వాత అరచేత్తో పైన తడిమి చూడండి. చేతికి చల్లగా, కాస్త గరుగ్గా తగలాలి, జిగట అంటకూడదు. అప్పుడు ఒక టీస్పూను నూనె చిలకరించి వేళ్ళతో తేలిగ్గా కలపండి.

కొందరు వార్చగానే చన్నీళ్ళు పోస్తారు. అన్నం పలుకు దాటిపోయిందనుకుంటే ఉడకడం ఆపడానికి అది పనికొస్తుంది, పైనున్న గంజీ కడుక్కుపోతుంది. అయితే పోసిన నీళ్ళు మళ్ళీ ఆరాలి కదా, ఆరబెట్టడానికి రెట్టింపు సమయం పడుతుంది. సరిగ్గా దించితే ఆ అవసరం రాదు.

చల్లారిన అన్నాన్ని ఫ్రిజ్‌లో గంటసేపు మూత లేకుండా ఉంచితే ఆ రోజే వాడుకోవచ్చు. రాత్రంతా ఉంచితే ఇంకా నయం. ఉడికినప్పుడు మెత్తబడి ఉబ్బిన గింజలోని పిండిపదార్థం చల్లబడేకొద్దీ మళ్ళీ బిగుసుకుంటుంది, అందుకే మర్నాటి అన్నం గింజ గట్టిగా ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీశాక గడ్డలు కట్టి ఉంటే మూకుడులోకి వెళ్ళకముందే చేతికి నూనె రాసుకుని విడదీయండి. మూకుడులో గరిటె అంచుతో కొట్టి విడదీద్దామనుకుంటే గడ్డ విడిపోదు, గింజ విరుగుతుంది.

ఒక్క హెచ్చరిక. రాత్రి మిగిలిన అన్నాన్ని పొయ్యి గట్టు మీదే వదిలేసి పొద్దున ఫ్రైడ్ రైస్ చేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అవి ఉడికించినా చావవు, అన్నం గంటల తరబడి బయట ఉంటే పెరిగి విషపదార్థం వదులుతాయి. అది ఎంత పెద్ద మంట మీద వేయించినా పోదు, వాంతులు అవుతాయి. పళ్ళెంలో పరిచి గంటలోపే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికల్లా వాడేయండి.

కుక్కర్ అన్నమే దిక్కు అనుకుంటే, ఈ వంట కోసం విడిగా వండండి. నానబెట్టిన ఒక కప్పు బియ్యానికి ఒకటిన్నర కప్పుకు మించి నీళ్ళు పోయకండి, ఆవిరి పోగానే మూత తీసి పళ్ళెంలోకి తిరగేయండి. వార్చినంత పొడిగా రాదు, కానీ పని జరుగుతుంది.

మూకుడు, మంట

ఇనప మూకుడు ఉంటే అదే తీయండి. బాగా వాడి నల్లబడినదైతే మరీ మంచిది, గుడ్డు అంటుకోదు. నాన్‌స్టిక్ పాన్ ఈ వంటకు నప్పదు. ఖాళీ పాన్‌ని పొగ వచ్చేదాకా వేడిచేయడం ఆ పూతకు మంచిది కాదు, అంత వేడి లేకపోతే మనకు కావలసిన వాసన రాదు. అల్యూమినియం బాణలిలో చేయొచ్చు కానీ గుడ్డు అడుగు పట్టేస్తుంది.

మూకుడును పెద్ద బర్నర్ మీద పెట్టి, మంట పూర్తిగా తిప్పి, నూనె లేకుండా రెండు మూడు నిమిషాలు కాలనివ్వండి. ఒక నీటి చుక్క వేస్తే అక్కడే చుయ్యిమని ఆరిపోకుండా గుండ్రటి పూసలా అటూ ఇటూ పరిగెత్తాలి. అప్పుడు నూనె. వేరుశనగ నూనె, సన్‌ఫ్లవర్, రైస్ బ్రాన్ ఏదైనా సరే. నూనె పోసి మూకుడు తిప్పి అంతటా అంటేలా చేయండి. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే వేసుకోండి, లేకపోతే కారం వేసే సమయానికి ఇంటిల్లిపాదీ దగ్గుతారు.

ఇక ఒక్క ప్లేటు లెక్క. వండిన అన్నం పావు కిలోకు మించి ఒకసారికి వేయొద్దు. చల్లటి అన్నం పడగానే మూకుడు వేడి ఒక్కసారిగా దిగిపోతుంది. పావు కిలో అయితే ఇంటి మంట అర నిమిషంలో మళ్ళీ పుంజుకుంటుంది. కిలో అన్నం వేశారా, మూకుడు ఇక కోలుకోదు. తడి ఆవిరై పోవడం మాని అన్నంలోనే ఊరుతుంది, మీరు వేయిస్తున్నాననుకుంటారు కానీ అది మళ్ళీ ఉడుకుతుంటుంది. దీన్ని చెవితో పసిగట్టొచ్చు. వేగుతున్న అన్నం సన్నగా చిటపటలాడుతూనే ఉంటుంది. ఆ చప్పుడు ఆగిపోయి, మూకుడులోంచి తెల్లటి ఆవిరి దట్టంగా లేచిందంటే అన్నం ఎక్కువైందని అర్థం.

ముందే కోసి పెట్టుకోవలసినవి

మూకుడు మంట మీదికి వెళ్ళాక కోయడానికి తీరిక ఉండదు. ఒక ప్లేటుకు: నాలుగు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి, ఒక పచ్చిమిర్చి, గుప్పెడు సన్నటి క్యాబేజీ తురుము, రెండు టేబుల్‌స్పూన్ల క్యారెట్ ముక్కలు, మూడు బీన్స్ చక్రాల్లా కోసి, రెండు ఉల్లికాడలు. కాడల తెల్ల భాగం, ఆకుపచ్చ భాగం విడిగా పెట్టుకోండి.

కూరగాయలు ఇంతకంటే ఎక్కువ వేయాలని చేయి లాగుతుంది, ముఖ్యంగా పిల్లలకు పెట్టేటప్పుడు. బండి మీది ప్లేటును గుర్తు చేసుకోండి, అందులో కూరగాయలు రంగు కోసం ఉన్నట్టే ఉంటాయి. క్యాబేజీ నిండా నీళ్ళే, గిన్నెడు వేస్తే ఆ నీళ్ళన్నీ అన్నంలోకే దిగుతాయి. కూరగాయల అన్నం కావాలంటే అది వేరే వంట. కడిగినవాటిని పొడిగుడ్డతో ఒత్తి పెట్టుకోవడం మర్చిపోకండి. అల్లం వెల్లుల్లి పేస్టు వద్దు, అది ఇంత వేడిలో మూకుడుకు అతుక్కుని మాడుతుంది, ఆ మాడిన చోటే తర్వాత అన్నమూ పట్టుకుంటుంది.

పొడులన్నీ ఒక చిన్న గిన్నెలో కలిపి సిద్ధం చేసుకోండి: పావు టీస్పూను ఉప్పు, అర టీస్పూను మిరియాల పొడి, పావు టీస్పూను కారం, చిటికెడు గరం మసాలా, కావాలంటే చిటికెడు టేస్టింగ్ సాల్ట్. ఉప్పు తక్కువగా అనిపించొచ్చు. అన్నంలో కొంత ఉంది, గుడ్డులో కొంత పడుతుంది, ఒక టీస్పూను సోయా సాస్‌లోనే దాదాపు గ్రాము ఉప్పు ఉంటుంది. చివర్లో రుచి చూసి వేసుకోవడం ఎప్పుడైనా సాధ్యమే.

గుడ్డు

ప్లేటుకు రెండు గుడ్లు. బండి దగ్గర డబుల్ ఎగ్ అంటే ఇదే. వంటకు అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి. చిటికెడు ఉప్పు వేసి, పచ్చసొన తెల్లసొన కలిసేదాకా ఫోర్కుతో గిలకొట్టండి. మూకుడు కాలుతున్నప్పుడు గిలకొడితే చాలు. నురగ వచ్చేదాకా కొట్టి పక్కన పెడితే ఆ నురగ ఎలాగూ కూర్చుండిపోతుంది. పాలు, నీళ్ళు కలపకండి. ఆమ్లెట్‌కు అవి బాగుంటాయేమో, ఇక్కడ మనం తడితోనే పోరాడుతున్నాం.

మెత్తదనం రెండింటి వల్ల వస్తుంది, తగినంత నూనె, తగినంత వేడి. కాలిన మూకుడులో ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల నూనె వేసి, అది పల్చబడి అలలుగా కదులుతూ సన్నగా పొగ మొదలైనప్పుడు గుడ్డు మొత్తం ఒకేసారి పోయండి. గుడ్డులోని నీరు ఒక్కసారిగా ఆవిరై, అంచులు పూరీలా పొంగుతాయి. నూనె పిసినారితనంగా వేసినా, మూకుడు సగం వేడిలో ఉన్నా గుడ్డు పొంగదు, అడుగున చదునుగా పరుచుకుని అతుక్కుంటుంది.

పోశాక అయిదు సెకన్లు ముట్టుకోకండి. తర్వాత అట్లకాడతో అంచుల నుంచి మధ్యకు తోయండి, పచ్చిగా ఉన్నది పక్కలకు జారి అదీ పొంగుతుంది. ఇలా మూడు నాలుగు తోపులు, ఒక తిప్పు. మొత్తం ఇరవై సెకన్ల లోపే. పైన ఇంకా తడిగా మెరుస్తూ, అక్కడక్కడా కాస్త పచ్చిగా ఉండగానే పళ్ళెంలోకి తీసేయండి. ముక్కలు పెద్దవిగానే ఉండాలి, ముద్దంత ఉన్నా ఫర్వాలేదు, చివర్లో విరుగుతాయి.

చాలామంది ఆగేది ఇక్కడ కాదు. ఇంకా పచ్చిగా ఉందని అక్కడే ఉంచి, అదే గుడ్డు మీద కూరగాయలు, అన్నం వేసి మరో నాలుగు నిమిషాలు వేయిస్తారు. గుడ్డు గడ్డకట్టడానికి 70 డిగ్రీల పైన కొంచెం చాలు. అది దాటి వేడి తగులుతున్నకొద్దీ గుడ్డు ముడుచుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తుంది. అలా గుడ్డు గట్టిపడుతుంది, పిండిన నీళ్ళు అన్నంలోకి పోతాయి. మొదట్లో చెప్పిన రెండు ఫిర్యాదులూ తరచూ ఇక్కడే కలిసి పుడతాయి. మరి బండి అతను గుడ్డును బయటికి తీయడే అంటారా? గుడ్డును మూకుడు పక్కకు తోసి దాని మీదే అన్నం పోస్తాడు, నిజమే. ఆ మంట మీద అతని పని ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది, గుడ్డు గట్టిపడేలోపే ప్లేటులో ఉంటుంది. మనకు అంత వేగం రాదు.

బండి మీదలా తెలుపు, పసుపు విడివిడిగా కనిపించాలంటే గిలకొట్టకుండా నేరుగా నూనెలోకి కొట్టి, తెల్లసొన అంచులు పొంగగానే అట్లకాడతో నాలుగు వైపులా చీల్చండి. మిగతాదంతా మామూలే, ఇది కూడా సగం పచ్చిగా ఉండగానే బయటికి రావాలి.

అన్నం వేయించడం

గుడ్డు తీశాక మూకుడును మళ్ళీ అర నిమిషం కాలనివ్వండి. ఒక టేబుల్‌స్పూను నూనె, వెంటనే వెల్లుల్లి. వెల్లుల్లి అంచులు బంగారు రంగు తిరగకముందే, అంటే అయిదారు సెకన్లకే, పచ్చిమిర్చి, ఉల్లికాడల తెల్ల భాగం, బీన్స్, క్యారెట్ వేసి అర నిమిషం వేయించండి. తర్వాత క్యాబేజీ, ఇరవై సెకన్లు. ఇప్పుడే ఉప్పు వేయొద్దు, ఉప్పు తగిలితే క్యాబేజీ నీళ్ళు వదులుతుంది. కూరగాయలు నమిలితే కరకరమనాలి.

ఇప్పుడు అన్నం మొత్తం వేసి, అట్లకాడ వెనక్కి తిప్పి మూకుడు అడుగునా పక్కలకూ పల్చగా ఒత్తి పరచండి. వదిలేయండి. ఇరవై సెకన్లు ఊరికే నిలబడటం కష్టంగానే ఉంటుంది, చేయి కలపమంటుంది. కలిపితే ఏ గింజా ఇనుముకు తగిలి ఉండదు, అన్నం వేడెక్కుతుందే తప్ప వేగదు. ఇరవై సెకన్ల తర్వాత అట్లకాడను అడుగుకు దూర్చి, పైకెత్తి తిరగేయండి. మళ్ళీ పరచండి, మళ్ళీ ఆగండి. ఇలా నాలుగు అయిదు విడతలు చేసేసరికి రెండు నిమిషాలు అవుతుంది. రెండో విడతకే గింజలు ఒకటికొకటి విడిపోయి, కొన్ని మూకుడులో ఎగిరెగిరి పడటం కనిపిస్తుంది. పాప్‌కార్న్ అంత కాదు, చిన్న చిన్న గంతులు. అన్నం వేగుతోందనడానికి అదే గుర్తు.

మూకుడు ఎత్తి గాల్లో ఎగరేయడం బండి దగ్గర చూడటానికి బాగుంటుంది, అక్కడ మంటే పైకి లేచి అన్నాన్ని అందుకుంటుంది. ఇంటి స్టవ్ మీద మూకుడు ఎత్తితే వేడి తెగిపోతుంది, అంతే. మూకుడు మంట మీదే ఉండనివ్వండి, అట్లకాడతో ఎత్తి తిప్పండి.

ఇప్పుడు పొడులు. మూకుడుకు తగలకుండా అన్నం మీదే అంతటా చల్లి కలపండి, ఖాళీ ఇనుము మీద పడ్డ కారం క్షణంలో నల్లబడి చేదెక్కుతుంది. సోయా సాస్‌ది దీనికి తలకిందులు. దాన్ని అన్నం మీద పోస్తే పడ్డచోటు గింజలు పీల్చేసుకుని మచ్చలుగా తడిసి ముద్దవుతాయి. అన్నాన్ని ఒక పక్కకు జరిపి, ఒక టీస్పూను సోయా సాస్‌ను మూకుడు పై అంచు చుట్టూ పోయండి. కాలిన ఇనుము మీద చుర్రుమని మరిగి సగం ఆరిపోయి కిందికి దిగుతుంది. ఆ క్షణంలో లేచే వాసనే బండి దగ్గర మనల్ని నిలబెట్టేది. వెంటనే అన్నంలోకి కలిపేయండి. అర టీస్పూను వెనిగర్ కూడా అలాగే. గ్రీన్ చిల్లీ సాస్ ఇష్టమైతే ఇదే పద్ధతిలో ఒక టీస్పూను, అంతకు మించితే తడి. రంగు ముదురుగా రాలేదని సోయా పెంచకండి, మన దగ్గర దొరికే సోయా సాసులు చాలావరకు ముదురు రంగువే, ఎక్కువైతే చేదు తెలుస్తుంది.

చివరిగా గుడ్డు, ఉల్లికాడల ఆకుపచ్చ భాగం. గుడ్డు ముక్కల్ని అట్లకాడతో రెండు మూడు దెబ్బలు వేసి విరిచి, పదిహేను సెకన్లు కలిపి, పచ్చిదనం ఎక్కడా లేదని చూసుకుని పొయ్యి కట్టేయండి. పళ్ళెంలోకి వెంటనే మార్చండి. కట్టేసినా ఇనప మూకుడు చాలాసేపు కాలుతూనే ఉంటుంది, గుడ్డు అందులో ఉంటే మనం పడ్డ జాగ్రత్తంతా పోతుంది.

తేడా వస్తే

అన్నం వేశాక రెండు నిమిషాలకు కూడా ముద్దగానే ఉంటే ఇంకా కలుపుతూ పోకండి, గింజలు నలిగి పేస్టవుతాయి. మొత్తం పళ్ళెంలోకి తీసి, పరిచి, పది నిమిషాలు ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. మూకుడు కడిగి, మళ్ళీ కాల్చి, ఆ అన్నాన్ని సగం సగంగా వేయించండి. పొడిపొడి అన్నం అంతగా రాకపోయినా తినదగ్గదే వస్తుంది.

అన్నం ముద్ద కాకుండా ముక్కలు ముక్కలైతే తప్పు తడిలో లేదు, అట్లకాడ పట్టిన తీరులో ఉంది. అంచుతో నరికే బదులు అడుగు నుంచి ఎత్తండి. గింజ పళ్ళకు గట్టిగా తగిలితే పలుకు మరీ ఎక్కువగా ఉండగా దించారన్నమాట. అలాంటప్పుడు అన్నం వేగుతుండగా చేతివేళ్ళతో రెండుసార్లు నీళ్ళు చిలకరించి అర నిమిషం మూత పెట్టి తీస్తే సర్దుకుంటుంది. ఈ వంటలో మూత ముట్టుకునేది ఈ ఒక్కచోటే.

నలుగురికి చేయాల్సి వస్తే

నాలుగు ప్లేట్లు నాలుగు విడతలే. విడతకు నాలుగైదు నిమిషాలు, మొత్తం ఇరవై నిమిషాల పని. ఎనిమిది గుడ్లూ ఒకేసారి వేయడం కుదరదు, గుడ్డు కూడా ప్లేటు లెక్కనే. కోసినవాటిని, పొడులను, అన్నాన్ని నాలుగు భాగాలుగా ముందే విడదీసి వరసగా పెట్టుకుంటే చేయి ఆగదు. ఏ విడతకు ఆ విడత వేడిగా తినేవాళ్ళు ఉంటే అంతకంటే మంచిది లేదు. అందరూ కలిసి కూర్చోవాలంటే అయినదాన్ని వెడల్పాటి గిన్నెలో వేసి పల్చటి గుడ్డ కప్పండి, బండి బేసిన్ మీద కప్పినట్టే. స్టీలు మూత పెడితే ఆవిరి నీళ్ళై మళ్ళీ అన్నంలోకే కారుతుంది. పక్కన సన్నగా తరిగిన ఉల్లిపాయ, నిమ్మచెక్క చాలు, నిమ్మరసం ప్లేటులోనే పిండుకోండి, మూకుడులో కాదు. పిల్లల లంచ్ బాక్స్‌లోకైతే పళ్ళెంలో పూర్తిగా చల్లార్చాకే డబ్బా మూత బిగించండి, మధ్యాహ్నం తెరిచేసరికి అడుగున తడి చేరకుండా ఉంటుంది.